ఫోన్-ఇన్ జవాబులో 'అయితే' ఊతపదమా, షరతా?

లేఖరి: రేడియోలో రైతుల ఫోన్-ఇన్ కార్యక్రమం విని రాసిన పాఠం నుంచి మా చిన్న పత్రికకు సారాంశం తయారుచేస్తున్నాం. శ్రోత ప్రశ్న, దాని కింద శాస్త్రవేత్త జవాబు, అంతే. ఒకచోట భాష గురించి అనుమానం వచ్చింది. సంభాషణ ఇది:

"వరి నాటి ఇరవై ఐదు రోజులైందండి. ఎర్రబడుతోంది, యూరియా వేసినా ఎదగడం లేదు."
"ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు ఉన్నాయా?"
"ఉన్నాయండి."
"ఆకును వంచితే చప్పుడు చేస్తూ విరుగుతోందా?"
"అవునండి, ఫట్‌మని విరుగుతోంది."
"అయితే జింకు లోపమండి. లీటరు నీటికి మూడు... కాదు, రెండు గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి ఐదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయండి. పురుగుమందులతో కలపవద్దు. వచ్చే పంటకు అయితే ఆఖరి దమ్ములో ఎకరాకు ఇరవై కిలోలు వేసుకోండి."

మా బృందంలో తయారైన చిత్తు ఇలా ఉంది: "ప్రశ్న: వరి ఎర్రబడుతోంది, ఏం చేయాలి? జవాబు: ఇది జింకు లోపం. లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ పిచికారీ చేయాలి. ఎకరాకు 20 కిలోలు వేయాలి." 'మరి', 'అంటే' వంటివాటితో పాటు 'అయితే' కూడా ఎగిరిపోయింది. ఇది సరేనా?

చదువరి: ఊతపదాలు తీసేయాల్సిందే, లేకపోతే చదవలేం. ప్రశ్నను మాత్రం శ్రోత మాటల్లోనే ఉంచండి. శాస్త్రవేత్త వేసిన ఎదురు ప్రశ్నలు అక్కర్లేదు. వాటికి సమాధానాలు అక్కడే వచ్చేశాయి కదా.

పొలంగట్టు: ఊతపదాల సంగతి ఒప్పుకుంటాను, ఎదురు ప్రశ్నల సంగతి ఒప్పుకోను. ఇక్కడ మొదటి 'అయితే'కు అర్థం 'మీరు చెప్పినట్టే ఉంటే' అని. వరి ఎర్రబడటానికి కారణం ఒకటే కాదు. టుంగ్రో తెగులు సోకినా ఆకులు పసుపు, నారింజ రంగుకు తిరిగి మొక్క గిడసబారుతుంది. దాన్ని వ్యాపింపజేసేవి పచ్చదీపపు పురుగులు, దానికి జింకు మందు కాదు. ఆ రైతు చేలో తుప్పు మచ్చలున్నాయని, ఆకు ఫట్‌మని విరుగుతోందని తేలాకే ఆయన జింకు పేరెత్తారు. ఆ రెండు గుర్తులూ లేకుండా అచ్చువేస్తే ఎర్రబడిన ప్రతి చేనుకూ అదే మందు చెప్పినట్టవుతుంది.

అందుకని శ్రోత తర్వాత చెప్పిన వివరాలను ముందుకు తెచ్చి ప్రశ్నలోనే కలపండి: "వరి నాటి 25 రోజులైంది. యూరియా వేసినా ఎదుగుదల లేదు. ముదురాకులపై తుప్పు రంగు మచ్చలున్నాయి, ఆకు వంచితే చప్పుడు చేస్తూ విరుగుతోంది. ఏం చేయాలి?" ఇది ఆయన మాటల వరుస కాదు, కానీ ఆయన చెప్పిందే.

రెండో 'అయితే' కాలాన్ని విడదీస్తోంది. 2 గ్రాములు ఇప్పుడున్న పైరుకు, 20 కిలోలు వచ్చే పంటకు నాటే ముందు. చిత్తు చదివినవాళ్లు ఈ వారమే చేలోకి బస్తాలు మోస్తారు. పురుగుమందులతో కలపవద్దన్న మాట కూడా చిత్తులో జారిపోయింది. తయారైన జవాబులో ఒక్కో అంకె మీద వేలు పెట్టి దేనికి, ఎప్పుడు అని అడిగి చూడండి.

మామిడితోట: మా పెరట్లో నిమ్మ చెట్టు ఆకులు చిన్నవై పసుపుగా మారుతున్నాయి. ఇదీ జింకేనా? 2 గ్రాములే కొట్టవచ్చా?

పొలంగట్టు: ఈ మోతాదు వరికి చెప్పినదండి. నిమ్మకు మీ మండల వ్యవసాయాధికారికి ఆకులు చూపించి అడగండి. లేఖరిగారూ, చూశారా? పంట పేరు జవాబులోనూ రావాలి. చాలామంది ప్రశ్న వదిలేసి జవాబే చదువుతారు.

చదువరి: ఎదురు ప్రశ్నల విషయంలో మీదే సబబు. 'పిచికారీ చేయాలి' అనడం మాత్రం నాకు నచ్చలేదు. ఆయన 'చేయండి' అన్నారు, అది ఆ ఒక్క రైతుకు ఇచ్చిన సలహా. 'చేయాలి' అంటే ఊరందరికీ ఆజ్ఞలా ఉంది. 'చేయాలని సూచించారు' అంటే ఎవరి మాటో తెలుస్తుంది.

పొలంగట్టు: ప్రతి వాక్యం చివరా 'సూచించారు', 'తెలిపారు' వస్తే విసుగు. శాస్త్రవేత్త పేరు పైన ఒకసారి వేసి, కింద 'చేయండి' అనే ఉంచితే చాలు.

చదువరి: అప్పుడు పత్రికే చెబుతున్నట్టు ఉంటుంది. నేను ఒప్పుకోలేను.

లేఖరి: ఆ ముక్క మా సంపాదకులకే వదిలేస్తాను. ఇంకొకటి. 'రెండు మూడుసార్లు' అన్నారు. రెండు ఎప్పుడు, మూడు ఎప్పుడు?

పొలంగట్టు: ఆయన చెప్పలేదు కనుక మీరు చెప్పకండి, '2–3 సార్లు' అనే వేయండి. 'మూడు... కాదు, రెండు' అన్నచోట మాత్రం పాఠాన్ని నమ్మకుండా రికార్డింగు మళ్లీ వినండి. విని రాసేటప్పుడు 'కాదు' ఇట్టే జారిపోతుంది, రెండు అంకెలూ పక్కపక్కన మిగులుతాయి.

లేఖరి: విన్నాను, 'కాదు' స్పష్టంగానే ఉంది. మీరు తిరగరాసిన ప్రశ్న మాకున్న చోటు కంటే రెండు వరుసలు ఎక్కువైంది. వేరే శ్రోత అడిగిన ప్రశ్నను వచ్చే సంచికకు జరిపి దీన్ని పూర్తిగా వేస్తున్నాం.