ఒకే స్టాక్, మూడు సైట్లు: విడగొట్టి పెట్టాలా, మొత్తం చూపించాలా?

చేనేత_షాప్: మంగళగిరి కాటన్ చీరలు అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషోలో పెడుతున్నా. ఒక రంగులో 12 ఉంటే మూడింట్లోనూ 12 చూపిస్తా. పోయిన ఆదివారం 14 ఆర్డర్లు పడ్డాయి. స్టాక్ విడగొట్టాలా?

తెనాలి_సెల్లర్: విడగొట్టండి అక్కా. 5, 4, 3. గొడవే ఉండదు.

లంచ్‌బాక్స్_బాబు: గొడవ ఎందుకుండదు? ఒక సైట్లో 3 పొద్దున్నే అయిపోతాయి, ఇంకోదాంట్లో 4 అలాగే పడుంటాయి. అయిపోయిన లిస్టింగ్ సెర్చ్‌లో కిందికి పోతే మళ్లీ పైకి రావడానికి నాకు ప్రాణం పోయింది. మొత్తం చూపించాల్సిందే.

తెనాలి_సెల్లర్: చూపించి క్యాన్సిల్ చేస్తావా? అమెజాన్‌లో మనవైపు క్యాన్సిల్స్ 2.5 శాతం లోపుండాలి. వారానికి 40 ఆర్డర్లొచ్చే వాళ్లకి ఒక్కటి చాలు గీత తాకడానికి.

విజ్జి: ఒకచోట అమ్ముడైతే మిగతా సైట్లలో స్టాక్ తనే తగ్గించే సింక్ సాఫ్ట్‌వేర్ మాత్రం వద్దు. ఒకళ్లకి ఏడాది డబ్బు ముందే కట్టా, దీపావళి సేల్లో సింక్ ఆగిపోతే ఫోన్ కూడా ఎత్తలేదు.

గోడౌన్_శాస్త్రి: అక్కా, స్టాక్ మళ్లీ ఎక్కించేటప్పుడు రాక్ లెక్కపెట్టి ఎక్కిస్తున్నారా?

చేనేత_షాప్: అవునండీ, రోజూ మధ్యాహ్నం.

గోడౌన్_శాస్త్రి: తప్పు అక్కడుంది. ఆర్డర్ పడి ఇంకా ప్యాక్ కానివి కూడా రాక్‌లోనే ఉంటాయి, మీరు 12 అని ఎక్కించగానే సైట్ తగ్గించుకున్న లెక్క పోయి అమ్ముడైనవి మళ్లీ అమ్మకానికి వస్తాయి. 12లో ప్యాక్ కావాల్సినవి 5 తీసేయండి, పక్కన 2 ఉంచండి, మూడు సైట్లలోనూ 5 పెట్టండి. ఆ 2 ఎంతుండాలంటే, మీరు ఒకసారి చూసి మళ్లీ చూసేలోపు ఎన్ని ఆర్డర్లు పడతాయో అంత. రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా ఎవరూ చూడరు కాబట్టి రాత్రికి ఇంకాస్త ఎక్కువుంచాలి. మిగిలింది 4కి దిగితే ఒక్క సైట్‌లోనే ఉంచి మిగతావి సున్నా చేసేయండి.

లంచ్‌బాక్స్_బాబు: సున్నా చేస్తే సెర్చ్‌లో పడిపోతుందని చెప్తుంటే వినరేంటి సార్!

తెనాలి_సెల్లర్: నీ డబ్బాలు హోల్‌సేల్‌వాడికి ఫోన్ కొడితే సాయంత్రానికొస్తాయి. మగ్గం మీద అదే రంగు మళ్లీ ఎప్పుడు దిగుతుందో ఆ నేసేవాళ్లకే తెలీదు. అయిపోయే సరుకుకి సెర్చ్ ర్యాంకు దేనికయ్యా?

లంచ్‌బాక్స్_బాబు: చీరలకైతే సరే. నా డబ్బాలకి ఒప్పుకోను.

విజ్జి: రిటర్న్ వచ్చినవో? మా తమ్ముడు కవర్ విప్పకుండానే స్టాక్‌లో కలిపేశాడు, లోపల వేరే చీర.

గోడౌన్_శాస్త్రి: విప్పి మడత చూసేదాకా కలపొద్దమ్మా.

చేనేత_షాప్: మెరూన్ 4 మిగిలాయి, అమెజాన్‌లో ఒక్కదాంట్లోనే ఉంచా. మరి షాపుకొచ్చినవాళ్లు అదే అడిగితే?

గోడౌన్_శాస్త్రి: ఇవ్వండి. కొత్త ఆర్డర్ పడలేదని చూసుకుని, ఫోన్లో ఒకటి తగ్గించాకే డబ్బు తీసుకోండి.