సర్‌ప్లస్ టీషర్టుకి చంక దగ్గర చిన్న బొక్క: రాయాలా, అక్కర్లేదా?

కావలిబిడ్డ: తిరుప్పూరు ఖాదర్‌పేట నుంచి 100 టీషర్టుల లాట్ తెచ్చాను. ఒక్కోటి 85, ట్రాన్స్‌పోర్ట్ 600. 11 పనికిరావు. ఇంకో 18 టీషర్టులకి చంక కుట్టు పక్కన సన్నటి బొక్కలు. వేసుకుంటే కనపడవు. కొత్తవని పెట్టొచ్చా?

ట్రంకురోడ్డుషాపు: ఎవరూ వేసుకోలేదు కాబట్టి కొత్తవే. కనపడని దాన్ని పనిగట్టుకుని చూపిస్తే ఎవరు కొంటారు?

సూదీదారం: గార్మెంట్ యూనిట్‌లో చెకింగ్‌లో చేశాను. కుట్టు వెంబడి వరసగా ఉంటే అది సూది కోత. సూది మొన పాడైతే నూలు పోగుని పక్కకి జరపకుండా తెంచేస్తుంది, కుట్టిన రోజు తెలీదు, ఉతికాక విచ్చుకుంటుంది. లోపల చెయ్యి పెట్టి, కిటికీ వెలుతురులో, కుట్టుకి అడ్డంగా మెల్లగా లాగండి. ఒకటి రెండు ఉతికి చూడండమ్మా. పెరిగితే అవి కొత్తవి అన్నా సరే, బాగున్నవి మాత్రం కావు.

ఒంగోలుఅక్క: నేను ఎల్ సైజు తెప్పించుకుంటే మా బాబుకి కూడా పట్టలేదు. ముందు సైజులు సరిగ్గా పెట్టండి!

సూదీదారం: నిజమే అక్కా, ఎక్స్‌పోర్ట్ సరుకులో లేబుల్ సైజు ఒక్కో దేశానికి ఒక్కోలా ఉంటుంది. చొక్కా పరిచి చంక నుంచి చంకకి టేపు పెట్టి అంగుళాల్లో రాయాలి. కానీ ఇక్కడ అడిగింది బొక్క గురించి.

ట్రంకురోడ్డుషాపు: నీతులు చాలు. పోయినేడు ఒక చొక్కాకి మరక ఉందని ఫొటోతో సహా రాసి అమ్మాను. కొన్నాయన పెళ్లికి వేసుకెళ్లి, కాలరుకి చెమట వాసనతో వెనక్కి పంపి, కారణం ఆ మరకే అన్నాడు. రానూపోనూ కొరియర్ నా నెత్తినే పడింది. నిజం రాసినందుకు నాకు దక్కింది అదీ!

సూదీదారం: మిమ్మల్ని మోసం చేసింది ఆయనయితే, ఈ పాప దగ్గర కొనేవాళ్లెందుకు కట్టాలన్నా?

ట్రంకురోడ్డుషాపు: అయితే ఆ 18 నష్టం ఎవరు మొయ్యాలి? లాట్ కట్టేవాడు మనకి చెప్పి కట్టాడా?

సూదీదారం: అసలు గొడవ ఇదీ. నష్టం లాట్ కొన్నప్పుడే పడింది. మొత్తం 9,100. అంతా బాగున్న 71 మీదే వేసుకున్నా ఒక్కోటి 128 పడుతుంది. 249కి అమ్మితే ప్యాకింగ్, కొరియర్ పోనూ కొంచెం మిగులుతుంది. 18ని విడిగా, బొక్క పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీసి, తక్కువకి ఇవ్వండి. వచ్చిందే లాభం.

ట్రంకురోడ్డుషాపు: మా షాపు అద్దెకి ఆ లెక్క సరిపోదు.

కావలిబిడ్డ: మూడు ఉతికాను. రెండింటికి బొక్క పెసర గింజంత అయింది. 18 విడిగానే పెడుతున్నా. కుట్టు వేసి ఇస్తే అది కూడా రాయాలా?

సూదీదారం: రాయాలమ్మా. కుట్టిన చోటు ఫొటో కూడా పెట్టండి.

ట్రంకురోడ్డుషాపు: పెట్టు, వెనక్కి ఎన్ని వస్తాయో వచ్చే నెల ఇక్కడే చెప్పు.