అప్‌డేట్: జలుబు తర్వాత మళ్లీ దారిలో పడిన పాప నిద్ర

నా పాత ప్రశ్న: "ఎనిమిది నెలల పాప తొట్టిలో తనంతట తానే నిద్రపోవడం నేర్చుకుని రెండు వారాలే అయింది. జ్వరం వచ్చి ఐదు రాత్రులు నా భుజం మీదే పడుకుంది. ఇప్పుడు తొట్టిలో వేస్తే ఏడుస్తోంది. మళ్లీ మొదటి నుంచి నేర్పాలా?"

అవసరం రాలేదు. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

ముందు చెవులు చూపించమన్న సలహా మంచిదైంది. ఇక్కడ మారతహళ్లిలో పిల్లల డాక్టరు చూసి ఇన్ఫెక్షన్ లేదన్నారు. ఉంటే పడుకోబెట్టినప్పుడు నొప్పి ఎక్కువవుతుందట, ఆ ఏడుపును అలవాటు అనుకోకూడదట. జ్వరం తగ్గి పూర్తిగా ఒక రోజు గడిచి, పాలు మామూలుగా తాగాకే మొదలుపెట్టాం.

పద్ధతి పాతదే. స్నానం, పాలు, జోలపాట, మెలకువగా ఉండగానే తొట్టి. ఏడిస్తే 3, 5, 10 నిమిషాలకు వెళ్లి, వీపు నిమిరి, ఎత్తుకోకుండా వచ్చేయడం. మొదటి రాత్రి 35 నిమిషాలు ఏడ్చింది. అత్తయ్య తలుపు దగ్గరే నిలబడి నన్ను చూసిన చూపు చెప్పనక్కర్లేదు. రెండో రాత్రి 12 నిమిషాలు. మూడో రాత్రి బొటనవేలు నోట్లో పెట్టుకుని, రెండుసార్లు మూలిగి పడుకుంది.

జబ్బులో అలవాటైన ఒంటిగంట పాలు మాత్రం మొండికేశాయి. పగలు బాగా తాగుతోంది, బరువు బాగుంది కనుక ఆపవచ్చని డాక్టరు చెప్పాక, సీసాలో రాత్రికి 30 మి.లీ. చొప్పున తగ్గించాను. నాలుగు రాత్రుల్లో లేవడం మానేసింది.

కొన్న హ్యూమిడిఫైయర్, పడుకునే ముందు పెట్టిన రాగిజావ, రెండూ అనవసరం. జావతో ఒక్క నిమిషం కూడా అదనంగా నిద్రపోలేదు.