రాజీనామా చేశాక లోన్ బాకీ గ్రాట్యుటీలోంచి పట్టుకోవచ్చా?

మధురవాడ కుర్రాడు: పరవాడ దగ్గర ఒక కంపెనీలో ఆరేళ్లు చేసి మానేశాను. చెల్లి పెళ్లికి వడ్డీ లేకుండా 1,50,000 ఇచ్చారు, నెలకు 4,500 కోత. ఇంకా 78,000 బాకీ అంటున్నారు. ఆఖరి నెల జీతం 34,000, లీవుల డబ్బు 16,000, గ్రాట్యుటీ 72,000. అన్నీ కలిపేసి లోన్ మొత్తం, పీఎఫ్‌, ప్రొఫెషనల్ టాక్స్ కింద 2,000 కోసి, 42,000 వేస్తారట. 'రావాల్సిన అన్నింట్లోంచి పట్టుకోవచ్చు' అని లోన్ కాగితం మీద సంతకం పెట్టాను. ఇది కరెక్టేనా?

హెచ్‌ఆర్ మనిషి, సీతమ్మధార: సంతకం పెట్టాక ఇంకేముంది తమ్ముడూ? అడ్వాన్సులు, లోన్లు జీతంలోంచి పట్టుకోవడానికి చట్టమే ఒప్పుకుంటుంది. ఓఎన్‌జీసీ కేసులో ఉద్యోగి క్వార్టర్ ఖాళీ చేయకపోతే గ్రాట్యుటీలోంచి అద్దె పట్టుకోవచ్చని 2005లో సుప్రీంకోర్టే చెప్పింది.

పాత లేబర్ క్లర్క్: జీతం వరకు మీరన్నది నిజమే, కానీ దానికీ హద్దుంది. ఒక నెల జీతంలో అన్ని కోతలూ కలిపి సగం దాటకూడదు. ఈ అబ్బాయి జీతం 34,000 కాబట్టి 17,000 వరకే కోయొచ్చు. అందులో పీఎఫ్‌, ప్రొఫెషనల్ టాక్స్‌కి 2,000 పోతే లోన్ కింద పట్టుకోగలిగేది 15,000.

గ్రాట్యుటీ సంగతి వేరు. కోర్టు డిక్రీ తెచ్చుకున్నవాళ్లు కూడా దాన్ని జప్తు చేయలేరు. చట్టానికి విరుద్ధంగా రాయించుకున్న కాగితం అక్కడ చెల్లదు, సంతకం ఉన్నా సరే. ఉద్యోగి తప్పు చేసి, ఆ కారణంగానే కంపెనీ తీసేస్తే కొన్ని సందర్భాల్లో ఆపొచ్చు గానీ, ఈయన తనంతట తాను మానేశాడు. ఓఎన్‌జీసీ కేసు ఖాళీ చేయని క్వార్టర్‌ పెనల్ రెంట్ గురించి, అదీ ఆ సంస్థ సొంత రూల్స్ మీద నడిచింది. దాన్ని తెచ్చి పెళ్లి లోన్‌కి అతికించడం నాకు సబబుగా లేదు. కంపెనీల తరఫు లాయర్లు మాత్రం అతికిస్తూనే ఉన్నారు, కాదనను.

గోల్డ్ షాపులో చేశాను: నాకూ ఇదే జరిగింది అన్నయ్యా. ట్రైనింగ్ ఖర్చంటూ 25,000 బాండ్ డబ్బు నా ఆఖరి జీతంలో కోసేశారు. రిలీవింగ్ లెటర్ కోసం ఏడుస్తూ ఒప్పుకున్నాను.

పాత లేబర్ క్లర్క్: అమ్మా, మీది లోన్ కాదు. లోన్ అంటే చేతికొచ్చిన డబ్బు, దాని బాకీ ఎంతో లెక్క తెలుస్తుంది. బాండ్ అలా కాదు, నిజంగా ఎంత ఖర్చయిందో వాళ్లు చూపించాలి. మీరు వేరే పోస్ట్ పెట్టండి, వివరంగా చూద్దాం.

ఆటోనగర్ షెడ్డు: మా మాట కూడా వినండి సార్. సంక్రాంతికి 40,000 అడ్వాన్స్ ఇస్తాను, కుర్రాడు ఊరెళ్లి తిరిగి రాడు. ఆఖరి జీతం ఆపకపోతే నా డబ్బు ఎక్కడ వెతుక్కోవాలి?

పాత లేబర్ క్లర్క్: మీ కష్టం అర్థమవుతోంది. కానీ జీతం ఆపి కూర్చోవడం మాత్రం కుదరదు. 2025 నవంబర్ 21 నుంచి వేతన కోడ్ అమల్లో ఉంది, రాజీనామా చేసినా రెండు పని రోజుల్లో జీతం ఇవ్వాలి. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే కాగితం రాయించుకుని జామీను పెట్టుకోండి. ఎగ్గొడితే సివిల్ కోర్టులో దావా వేయొచ్చు, దానికి మూడేళ్లు గడువుంటుంది.

హెచ్‌ఆర్ మనిషి, సీతమ్మధార: సరే, మీ లెక్కే తీసుకుందాం. గ్రాట్యుటీ చేతికిచ్చినా ఆ బాకీ అతనే కట్టాలి. చివరికి మిగిలేది అదే 42,000 కదా?

పాత లేబర్ క్లర్క్: కూడిక, తీసివేత అదే. తేడా ఎక్కడంటే, లీవుల డబ్బు పూర్తిగా పట్టుకున్నా అతని చేతికి జీతంలో 17,000, గ్రాట్యుటీ 72,000, మొత్తం 89,000 వస్తుంది. బాకీ 47,000 మిగులుతుంది. దాన్ని మునుపటిలా నెలకు 4,500 కడతానని రాసిచ్చి ఒప్పించుకోవచ్చు. కొత్త ఉద్యోగం దొరికేదాకా ఇంట్లో పొయ్యి వెలగాలి కదండీ. లీవుల డబ్బుకీ సగం హద్దు వర్తిస్తుందా అన్నది మాత్రం నేను తేల్చి చెప్పను, ఆఫీసుకో తీరుగా చూస్తున్నారు.

బాబూ, ముందు లోన్ లెడ్జర్ కాపీ అడుగు. నీ పే స్లిప్పులు పక్కన పెట్టుకుని ఒక్కో నెల టిక్ పెట్టు. గ్రాట్యుటీకి విడిగా అప్లికేషన్ ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకో. 'నో డ్యూస్' కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకు.

మధురవాడ కుర్రాడు: రాత్రి కూర్చుని చూశాను గురువుగారూ. స్లిప్పుల్లో 17 కోతలున్నాయి, వాళ్ల లెడ్జర్‌లో 16 ఉన్నాయి. ఒక నెల అరియర్స్ జీతంతో కలిపి వేశారు, ఆ నెల 4,500 ఎక్కించలేదు. బాకీ 73,500 అన్నమాట. మెయిల్ పెట్టాను. గ్రాట్యుటీ అప్లికేషన్ సోమవారం ఇస్తాను.