పరిశ్రమ వార్తల చానెల్: రోజుకు పది పోస్టులా, ఒక్కటా?

చల్లగాలి: ఏసీ, ఫ్రిజ్ మెకానిక్‌ల కోసం టెలిగ్రామ్ చానెల్ నడుపుతున్నాను. 1,140 మంది ఉన్నారు. రోజుకు ఎనిమిది తొమ్మిది వార్తల లింకులు పెడతాను. మొదట్లో ఒక్కో పోస్టును 600 మంది చూసేవారు, ఇప్పుడు 190 దాటడం లేదు. పోస్టులు పెంచాలా, తగ్గించాలా? వాట్సాప్‌కు మారితే మేలా?

పాతకాపు: తగ్గించవద్దు. కొత్త పోస్టు పడినప్పుడల్లా మీ చానెల్ జాబితాలో పైకి వస్తుంది. పైన కనిపించేవాళ్లనే జనం గుర్తుంచుకుంటారు. రోజుకు పన్నెండు చేయండి. వాట్సాప్ అయితే ఇంకా మంచిది, దాన్ని తెరవని మనిషి లేడు కదా.

కంప్రెసర్: పైకి రావడం నిజమే, పాతకాపు గారూ. కానీ నిచ్చెన మీద నిలబడి పని చేసే మనిషి జేబులో ఫోను రోజుకు తొమ్మిది సార్లు మోగితే ముందు శబ్దం ఆపేస్తాడు, ఆ తర్వాత చానెల్‌ను Archiveలోకి నెడతాడు. శబ్దం ఆపి అక్కడికి పంపిన చానెల్ కొత్త పోస్టు పడినా బయటకు రాదు. అప్పుడు మీరు పన్నెండు పెట్టినా ఇరవై పెట్టినా ఒకటే.

చల్లగాలి గారూ, ముందు Statistics తెరిచి Enabled Notifications శాతం చూడండి. అది పడిపోతూ ఉంటే కారణం దొరికినట్టే. పోస్టులను ఎంతమంది చూశారో పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. పాత పోస్టు అంకె రోజులు గడిచేకొద్దీ పెరుగుతూనే ఉంటుంది, ఫార్వర్డ్ అయిన చోట చూసినవాళ్లూ అందులో కలుస్తారు. అందుకే ప్రతి పోస్టు అంకెనూ సరిగ్గా 24 గంటలకు రాసిపెట్టుకోండి. అలా కాకపోతే నెల క్రితం పోస్టును నిన్నటి పోస్టుతో పోల్చి అనవసరంగా బెంగపడతారు.

ఇక అసలు సంగతి. రోజుకు ఒక్క పోస్టే పెట్టండి. లింకు ఎవరైనా పంపగలరు. ఆ వార్త వల్ల రేపు పనిలో ఏం మారుతుందో చెప్పేవాడి కోసమే మనిషి ఆగుతాడు. ఏసీల్లో R-410A గ్యాస్ తగ్గి R-32 గ్యాస్ యూనిట్లు పెరుగుతున్నాయన్న వార్తే తీసుకోండి. లింకు బదులు నేనైతే ఇలా రాస్తాను:

"భూతాపాన్ని పెంచే గుణం R-410Aకు 2,088, R-32కు 675. మార్పుకు కారణం ఇదే. కానీ R-32కు కొద్దిగా మండే గుణం ఉంది. మీ రికవరీ యంత్రం, లీక్ డిటెక్టర్ దానికి పనికివస్తాయో లేదో వాటి మీద రాసింది చూసి నిర్ధారించుకోండి. R-410A యూనిట్‌లో R-32 నింపకండి."

ఇది చదివినవాడు తోటి మెకానిక్‌కు తప్పకుండా పంపుతాడు. అలా పంపిన పోస్టులో మీ చానెల్ పేరు కూడా ఉంటుంది.

గాజుపలక: నా అనుభవం వేరు. మా అద్దాల వ్యాపారంలో 900 మందితో నడిపాను. పోటీ వ్యాపారి ఒకాయన సభ్యుడిగా చేరి, అందరి నంబర్లూ తీసుకుని ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. సగం మంది వెళ్లిపోయారు. కాబట్టి అసలు నడపకపోవడమే మంచిది.

కంప్రెసర్: మీకు జరిగింది నిజంగా బాధాకరం, కానీ మీరు చెబుతున్నది గ్రూపు. గ్రూపులో సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనిపించవచ్చు. చానెల్లో ఒక సభ్యుడికి మరొకరి నంబరు కనిపించదు, టెలిగ్రామ్‌లోనూ వాట్సాప్‌లోనూ అంతే.

వాట్సాప్ సంగతికి వస్తే, 2023లో వచ్చిన ఆ చానెళ్లు మామూలు సంభాషణల మధ్య ఉండవు, Updates అనే వేరే చోట ఉంటాయి. చేరినవారికి శబ్దం మొదటి నుంచే ఆగి ఉంటుంది, వాళ్లే ఆన్ చేసుకోవాలి. అందరూ వాట్సాప్ తెరుస్తారన్న మాట నిజమే, కానీ అందరూ ఆ చోటు తెరవరు. పైగా పాత పోస్టులను సర్వర్లలో 30 రోజుల వరకే ఉంచుతామని మొదలుపెట్టినప్పుడు వాట్సాప్ చెప్పింది. ఆర్నెల్ల క్రితం మీరు రాసిన గ్యాస్ వివరం కోసం వెతికే మెకానిక్‌కు టెలిగ్రామే నయం.

పాతకాపు: Archive సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటాను. అయినా రోజుకు ఒక్కటే అంటే నాకు మనసొప్పడం లేదు. చెప్పుకోదగ్గ వార్త లేని వారంలో ఏం చేస్తారు? మౌనంగా ఉంటే మరచిపోతారు.

కంప్రెసర్: ఆ వారం వార్త పెట్టను. చానెల్‌కు చర్చా గ్రూపు జతచేసి వ్యాఖ్యలు తెరుస్తాను, అక్కడ ఎవరో ఒకరు పనిలో ఎదురైన ఇబ్బంది అడుగుతారు. దానికి జవాబే ఆ రోజు పోస్టు.

పాతకాపు: వ్యాఖ్యలు తెరిస్తే ప్రకటనల బెడద వస్తుంది. అవి తుడవడానికే పొద్దు గడిచిపోతుంది. నేనైతే మూసే ఉంచుతాను.

చల్లగాలి: Statistics ఇప్పుడే చూశాను. 31 శాతం మందికే శబ్దం ఆన్‌లో ఉంది. రేపటి నుంచి మూడు వారాలు రోజుకు ఒక్కటే పెట్టి, 24 గంటల అంకెలు ఇక్కడే రాస్తాను. వ్యాఖ్యల విషయం మాత్రం ఇంకా తేల్చుకోలేదు.