పరగడుపున కాఫీ: ముందు తింటే మంట రాదా?

పాలబండి_రేణిగుంట:
పొద్దన్నే నాలుగున్నరకు పరగడుపున గ్లాసుడు ఫిల్టర్ కాఫీ తాగి పాల క్యాన్లు ఎత్తడానికి పోతాను. ఆరుకల్లా మంట మొదలు. ముందు ఏమన్నా తిని కాఫీ తాగితే యాసిడిటీ రాదంటున్నారు, నిజమేనా?

డికాక్షన్_భాకరాపేట:
నూటికి నూరుపాళ్లు నిజం. కాఫీ అంటేనే ఆమ్లం. ఖాళీ కడుపులో పోస్తే లోపలి పొర కాలుతుంది. కడుపునిండా తిని తాగితే తిండి అడ్డం పడుతుంది. ఇంతకు మించి ఇందులో ఏమీ లేదు.

తిరుచానూరు_అత్త:
ఆ కాఫీ ఎందుకు నాయనా, రాగిజావ తాగు.

మందులకొట్టు_చిత్తూరు:
కాఫీ పులుపు కాల్చదన్నా. పీహెచ్ అంకె ఒకటి తగ్గితే ఆమ్లం ఘాటు పది రెట్లు పెరిగినట్టు. కాఫీ పీహెచ్ 5 దగ్గర ఉంటుంది. పరగడుపున కడుపులో ఉండే ఆమ్లం 1 నుంచి 2. అంటే లోపల ముందే ఉన్నది కాఫీ కంటే వెయ్యి రెట్లు పైనే ఘాటు. కాఫీ చేసే పని వేరే: ఇంకా ఆమ్లం ఊరించమని కడుపును పురమాయిస్తుంది. కెఫీన్ తీసేసిన కాఫీ కూడా ఆ పని చేస్తుంది. ఇక తిండి అంటారా, తిన్న కాసేపు ఆ ఘాటును తగ్గిస్తుంది. కానీ ఆ తిండిని అరిగించడానికే కడుపు మళ్లీ ఆమ్లం ఊరిస్తుంది. గంటా రెండు గంటల్లో ఘాటు మళ్లీ పెరుగుతుంది.

డికాక్షన్_భాకరాపేట:
5, 1, 2 అని అంకెలు చెప్తే మంట ఆరదు సార్. మా ఇంట్లో ఆమెకు ఏళ్ల తరబడి కడుపులో మంట. రెండు బిస్కెట్లు తిన్నాక కాఫీ ఇస్తే తగ్గింది. ఇంత చిన్న సంగతి చెప్పకుండా ఒక డాక్టరు నెలనెలా గ్యాస్ మాత్రలు రాశాడు. అమ్మేది మీ కొట్లే కదా.

మందులకొట్టు_చిత్తూరు:
మాత్ర అమ్ముకోవాలంటే ఇంత రాసే పని లేదు. కెఫీన్ లేని కాఫీకి కూడా ఆమ్లం ఎందుకు ఊరుతుందో ఒక్క మాట చెప్పండి చాలు.

పాలబండి_రేణిగుంట:
అన్నలూ, కొట్లాడుకోవద్దండి. ఈరోజు నాలుగు వడలు ఊరిబిండితో తిని కాఫీ తాగి క్యాన్లు ఎత్తినా. నిన్నటికంటే ఎక్కువైంది. పుల్లనీళ్లు గొంతు దాకా వచ్చినాయి.

మందులకొట్టు_చిత్తూరు:
ఇది నేను మొదటే అడగాల్సింది. మంట ఎక్కడ? బొడ్డుకు పైన, పక్కటెముకల కింద ఒకచోట నిలిచి ఉంటుందా, రొమ్ము ఎముక వెనక నుంచి పైకి ఎగదన్నుతుందా?

పాలబండి_రేణిగుంట:
రొమ్ము వెనక. వంగితే ఎక్కువ.

మందులకొట్టు_చిత్తూరు:
అయితే కడుపులో ఆమ్లం ఎంతుందన్నదాని కంటే అది పైకి రావడం ముఖ్యం. అన్నవాహిక చివర బిగుతుగా ఉండాల్సిన కండరం, కడుపు ఉబ్బినప్పుడల్లా కాసేపు వదులవుతుంది. పైగా తిన్నాక కొత్తగా ఊరిన ఆమ్లం తిండిలో కలిసిపోకుండా కొంత పైభాగాన, సరిగ్గా ఆ ద్వారం దగ్గరే నిలుస్తుంది. గ్లాస్గో పరిశోధకులు 2001లో దీన్ని కొలిచి చూపారు. నూనె వడలు కడుపులోంచి తొందరగా కదలవు. ఆ మీద కాఫీ, ఆ మీద వంగి బరువెత్తడం. రాక ఏం చేస్తుంది?

డికాక్షన్_భాకరాపేట:
నేను చెప్పేది కడుపులో మంట. మీరు చెప్పేది ఛాతీలో మంట.

మందులకొట్టు_చిత్తూరు:
అవును, మనం కొట్లాడింది అక్కడే. మీ ఇంట్లో ఆమెకు రెండు బిస్కెట్లు పని చేసి ఉండొచ్చు, కాదనను. ఇతనికి కడుపునిండా తినమంటేనే తప్పు.

డికాక్షన్_భాకరాపేట:
పొర కాలదన్న మాట మాత్రం నేను ఒప్పుకోను.

మందులకొట్టు_చిత్తూరు:
ఆ పొర పాడై పుండు పడటానికి ఎక్కువగా హెలికోబ్యాక్టర్ క్రిమి, నొప్పి మాత్రలు కారణం. ఆ క్రిమిని కనిపెట్టినందుకే మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ ఇచ్చారు.

రేణిగుంట తమ్ముడూ, ముందొకటి. కాఫీ తాగని రోజు కూడా బరువెత్తితే ఛాతీ పట్టేసి, ఆగితే తగ్గుతోందా? చెమట, ఎడమ చేయి లాగడం ఉందా? ఉంటే ఇది గ్యాస్ అనుకోకుండా ఈరోజే ఈసీజీ తీయించు.

అవేవీ లేకపోతే ఇలా చూడు. నాలుగు రోజులు పనికి ముందు కాఫీ వద్దు, మంచినీళ్లు చాలు. క్యాన్లు దించాక ఒకటో రెండో ఇడ్లీ తిని, అదే కాఫీ సగం గ్లాసు తాగు. తర్వాతి నాలుగు రోజులు అదే వేళకు, అదే సగం గ్లాసు, ఇడ్లీ లేకుండా. ఈ రెండో విడతలో ఇడ్లీ తప్ప ఇంకేదీ మార్చకు, మార్చితే ఏది పని చేసిందో తెలీదు. రాత్రి భోజనానికీ పడకకూ మూడు గంటల ఎడం ఉంచు. మింగితే అడ్డం పడినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా ఈ లెక్కలన్నీ ఆపి డాక్టరు దగ్గరికి పో.

సత్యవేడు_లత:
నేను పొద్దున పాంటోప్రజోల్ కాఫీతోనే మింగుతాను, టిఫిన్ పదికి. పని చేయడం లేదు.

మందులకొట్టు_చిత్తూరు:
అక్కా, ఆ మాత్ర టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు, నీళ్లతో. ఆమ్లం ఊరించే పంపులు తిండికి మేలుకున్నప్పుడే అది వాటిని పట్టుకుంటుంది. మీరు మింగాక చాలాసేపు తిండే పడటం లేదు.

పాలబండి_రేణిగుంట:
కాఫీ లేని రోజు బరువెత్తితే ఏమీ లేదన్నా. రేపటి నుంచి నీళ్లతో పోతా. పాలు లేని కాఫీ అయితే ఏమన్నా తేడా ఉంటుందా?

డికాక్షన్_భాకరాపేట:
పాలు పోస్తేనే చలవ. నల్లకాఫీ జోలికి పోవద్దు.

మందులకొట్టు_చిత్తూరు:
పాలు మొదట చల్లగానే ఉంటాయి, తర్వాత వాటిలోని ప్రోటీను, కాల్షియం మళ్లీ ఆమ్లం ఊరిస్తాయి. ముందు వేళ మార్చి చూడు తమ్ముడూ, పాల సంగతి ఆ ఎనిమిది రోజులయ్యాక.