తాటాకు కప్పుకి మందు కొడితే నిప్పు అంటుకోదా?

చూరునీడ: రెండు గదుల తాటాకు ఇల్లు వేస్తున్నాం. బోరాక్స్, బోరిక్ పౌడర్ కలిపిన నీళ్లు కప్పుకి కొట్టిస్తే నిప్పు భయం ఉండదంటున్నారు. నిజమేనా?

తాటిమట్ట: నిజమే. అందులో నానబెట్టి ఆరబెట్టిన కమ్మకు నేనే అగ్గిపుల్ల పెట్టి చూశాను. అంచు నల్లబడిందే గానీ మంట లేవలేదు. మామూలు కమ్మయితే చేతిలో ఉండగానే భగ్గుమంది.

నిట్టాడి: అదే కమ్మను ఒక రోజంతా నీళ్లలో ఉంచి, మళ్లీ ఆరబెట్టి అంటించండి. రెండూ నీళ్లలో కరిగేవే. నీళ్లతో లోపలికి వెళ్లిన మందు వాన నీళ్లతో బయటికొచ్చేస్తుంది. ఒక వానాకాలం దాటాక పైన కొట్టినదాన్ని నమ్ముకోకూడదు.

కొత్తకాపు: చెదలకు కూడా ఇదేనా? మా వాసాలు గుల్లయిపోయాయి.

తాటిమట్ట: వాన పడేది పైన. లోపలి వైపు తడవదు కదా. పొయ్యి రవ్వ లేచేది లోపలే.

నిట్టాడి: కప్పు కారనంత కాలం లోపలి సంగతి ఒప్పుకుంటాను. బయటి రవ్వ మాటేమిటి? దానికి మట్టి పూతే. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ చెప్పిన పద్ధతి ఉంది. గడ్డి ముక్కలు కలిపి నానబెట్టిన మట్టిలో, కిరోసిన్‌తో పలచన చేసిన తారు కలిపి మెత్తుతారు. తారు ఉంటే వానకు మట్టి కరగదు. కిరోసిన్ వాసన పూర్తిగా పోయేదాకా దగ్గర్లో పొయ్యి వెలిగించకూడదు.

తాటిమట్ట: బరువెంతో చెప్పండి ముందు.

నిట్టాడి: 40 చదరపు మీటర్ల కప్పుకి 2 సెంటీమీటర్ల మందాన మెత్తితే ఆరాక దాదాపు 1,300 కిలోలు. పాత వెదురు వాసాల మీద వేయనే కూడదు. వీళ్లది కొత్త ఇల్లు, వాసాలు గట్టివి ఎంచుకుని దగ్గర దగ్గరగా వేసుకోవచ్చు.

తాటిమట్ట: 13 క్వింటాళ్లు నెత్తిన పెట్టుకుని పడుకోవాలా? ఆకు మార్చే ప్రతిసారీ ఆ పూతంతా పగలగొట్టాలి. కింద ఆకు కుళ్లినా పైకి తెలియదు.

పొలంగట్టు: మా కప్పుకి మందు కొట్టినాయన ఇక దిగుల్లేదన్నాడు. రెండో వేసవిలో గడ్డివాము తగలబడి రవ్వ కొప్పు మీద పడింది. మంచంలో ఉన్న అమ్మను ఎత్తుకుని గడప దాటేసరికి చూరు మండుతూ మా వెనకే రాలింది. ఆ మాట నమ్మి ఇంటికి రెండో తలుపు పెట్టలేదు.

తాటిమట్ట: అసలు మండదని నేనెక్కడన్నాను? బయటపడటానికి కాస్త టైమ్ దొరుకుతుంది.

పొలంగట్టు: భయం ఉండదా అని అడిగితే "నిజమే" అన్నారు. పైకి వెళ్లి చదవండి.

తాటిమట్ట: అన్నాను. ఆ మాట తప్పే. కానీ మట్టి పూత తప్ప వేరే దారి లేదంటే, అంత పని చేయించలేనివాళ్లు మందు కూడా మానేస్తారు. నా గొడవంతా అదే.

నిట్టాడి: లోపల కొట్టుకోమనండి, వద్దనను. రక్షణ ఉందని మాత్రం చెప్పకండి. ఆ మాటతోనే జనం జాగ్రత్త వదిలేస్తారు.

తాటిమట్ట: పొయ్యి రవ్వకు రక్షణే కదా. అది కూడా చెప్పొద్దంటే ఒప్పుకోను.

చూరునీడ: వాసాలు ఇంకా ఎత్తలేదు. పొయ్యి వేరే పాకలోకి మారుస్తున్నాం, వెనక తలుపు పెడుతున్నాం. వాన నిలవకుండా కప్పు బాగా ఏటవాలుగా అనుకున్నాం. మరి తడి మట్టి జారిపోదా?